దోశ మీద పడిన ఉంగరం

మా ఇంట్లో ఇండక్షన్ పొయ్యి మీద వేసిన మొదటి దోశ మీద ఉంగరం పడింది. జానెడు వెడల్పున గుండ్రంగా, ముదురు గోధుమరంగులో, దాదాపు మాడినట్టున్న పట్టీ. దాని నడుమ రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద జాగా లేతగా ఉండిపోయింది. పట్టీకి బయట, పెనం అంచుల వైపు, పిండి తెల్లగా, తడిగా, పచ్చివాసన కూడా పోకుండా ఉంది. అత్తయ్య అట్లకాడతో దాన్ని ఎత్తి వెలుతురుకేసి తిప్పి చూశారు. "ఇదేం దోశే అమ్మాయ్, బండిచక్రంలా ఉంది!" అన్నారు.

పెనం కొత్తదేమీ కాదు. ఇరవై ఏళ్ళుగా నూనె తాగి నల్లగా నిగనిగలాడే పోత ఇనప పెనం. పిండీ అదే. ఆ పొద్దున దానితోనే గ్యాస్ మీద నాలుగు దోశలు దివ్యంగా వచ్చాయి. ఐదోదాని దగ్గర సిలిండర్ అయిపోయింది. అటక మీంచి ఇండక్షన్ దింపి, తుడిచి, దోశ బొమ్మ ఉన్న బటన్ నొక్కాను. నిమిషం తిరక్కుండానే పెనం నడుమ పొగలొచ్చాయి. వేశాను. ఉంగరం.

ఆ దోశని విరిచి పనమ్మాయి చేతిలో పెట్టకుండా కాసేపు తీరిగ్గా చూసుంటే, తర్వాత ఆర్నెల్లు పడ్డ అవస్థలో సగం తప్పేది. ఈ పొయ్యి గురించి తెలియాల్సిన సంగతి చాలావరకు దాని మీదే అచ్చుపడి ఉంది మరి.

పైనున్న నల్లటి గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. దోమల కాయిల్‌లా చుట్టలు చుట్టి బల్లపరుపుగా పరిచి ఉంటుంది. మామూలు ఒంటి పొయ్యిల్లో దాని వెడల్పు జానెడుకి కాస్త తక్కువే. మధ్యలో చుట్ట లేని ఖాళీ; అక్కడ వేడిని కనిపెట్టే చిన్న సెన్సర్ గాజుకి ఆనుకుని ఉంటుంది. చుట్టలోకి పంపే కరెంటు సెకనుకి ఇరవై వేలసార్లకి పైగా దిశ మారుస్తుంది. దాంతో పుట్టే అయస్కాంత క్షేత్రం గాజుని దాటి గిన్నె అడుగులోకి దూరి, ఆ లోహంలో సుడులు తిరిగే కరెంటుని పుట్టిస్తుంది. ఇనుము ఆ కరెంటుకి అడ్డం పడుతుంది, ఆ పెనుగులాటలో వేడెక్కుతుంది. గాజు తనంతట తాను వేడెక్కదు. గిన్నె వేడి దానికి అంటుకుంటుంది, అంతే.

అంటే ఇక్కడ మంట పుట్టే చోటు గిన్నె అడుగే. అది కూడా అడుగు రేకు కిందివైపు పొరలో, అర మిల్లీమీటరు కూడా లేని మందంలో, కాయిల్‌కి సరిగ్గా పైన ఉన్నంత మేర మాత్రమే. గ్యాస్ మంట అలా కాదు. అడుగుని తాకి, పక్కలకి పాకి, గిన్నె గోడల్ని కూడా నాకుతూ పైకి పోతుంది. అందులో బోలెడు వేడి వృథా అవుతుంది, నిజమే. కానీ ఆ వృథాయే పెనం అంచుల్ని, బాణలి గోడల్ని ఇన్నాళ్ళూ వేడిగా ఉంచింది. ఇండక్షన్ మీద గోడలకి వేడి అందాలంటే అడుగు నుంచి లోహం గుండా పాకాలి. పల్చటి స్టీలు గిన్నెలో అది పాకదు. స్టీలు వేడిని పక్కకి మోయడంలో మహా బద్ధకస్తురాలు.

నమ్మకం కుదరకపోతే పల్చటి స్టీలు గిన్నెలో ఒకటిన్నర గ్లాసు నీళ్ళు పోసి 1000 దగ్గర పెట్టి పైనుంచి చూడండి. బుడగలు గిన్నె అంతటా రావు. గుండ్రంగా, గాజుల వరసలా, ఒక వలయంగా లేస్తాయి. నా దోశ మీద పడ్డ ఉంగరం అదే.

అయస్కాంతంతో కొట్టుకి

గిన్నె అడుగే మంట అయినప్పుడు, ఏ గిన్నె అన్నది పొయ్యి కన్నా పెద్ద ప్రశ్న అవుతుంది. అల్యూమినియం, రాగి, ఇత్తడి, కంచు, మట్టి, గాజు, రాతిచిప్ప, ఇవేవీ పనికిరావు. పెడితే పొయ్యి కీచుకీచుమని, తెర మీద E0 అనో E1 అనో చూపించి కాసేపటికి ఆగిపోతుంది. ఇనుము పనికొస్తుంది. చిక్కంతా స్టీలుతోనే.

నా పెళ్ళికి సారెగా వచ్చిన స్టీలు తపేలాలు మూడున్నాయి. బరువైనవి, ఇప్పటికీ మొహం చూసుకోవచ్చు. మూడింటిలో ఒక్కటి కూడా ఇండక్షన్ ఎక్కలేదు. పాత సామాన్లిచ్చి కొనుక్కున్న ఒక పల్చటి గిన్నె మాత్రం ఠక్కున పనిచేసింది. కారణం నికెల్. క్రోమియంతో పాటు నికెల్ బాగా కలిపిన 18/8 రకం స్టీలు తుప్పు పట్టదు, మెరుపు పోదు, కానీ అయస్కాంతానికి అంటుకోదు. నికెల్ లేని రకం స్టీలు అంటుకుంటుంది. అలాగని అంటుకోనిదల్లా మంచి స్టీలు అనుకోకండి. నికెల్ బదులు మాంగనీసు ఎక్కువ వేసిన చవక రకాలూ అంటుకోవు.

ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే అయస్కాంతం బొమ్మ ఒకటి చీర కొంగున ముడేసుకుని సామాన్ల కొట్టుకి వెళ్ళడం అప్పుడే మొదలుపెట్టాను. కొట్టాయన మొదటిరోజు వింతగా చూశాడు, రెండోసారి తనే "అమ్మా, అడుగున పెట్టి చూడండి, అంచున కాదు" అన్నాడు. ఆ మాట చాలా విలువైనది. అయస్కాంతానికి అంటుకోని స్టీలు కూడా వంచిన చోట, మడత పెట్టిన అంచు దగ్గర కొంచెం అంటుకుంటుంది. బలంగా వంచినప్పుడు లోహం లోపలి అమరిక మారిపోతుంది. అంచున అంటింది కదా అని కొనుక్కొస్తే అడుగు పనిచేయదు. అడుగు నడుమ పెడితే బొమ్మ గట్టిగా పట్టుకోవాలి. పెట్టీపెట్టనట్టు జారిపోతుంటే ఆ గిన్నె పొయ్యి మీద పనిచేసినా నీరసంగా పనిచేస్తుంది.

అంటుకోవడం ఒక్కటే చాలదు. అడుగు బల్లపరుపుగా ఉండాలి. మన బాణళ్ళు, మూకుళ్ళు గుండ్రటి అడుగువి. ఇనుమే అయినా గాజుకి తగిలేది అర్ధరూపాయంత మేర. మిగతాది పైకి పోయేకొద్దీ అయస్కాంత క్షేత్రం అందదు. ఇక పోపు గరిటె సంగతి చెప్పక్కర్లేదు. నాలుగైదు అంగుళాల కన్నా చిన్న అడుగుని చాలా పొయ్యిలు గిన్నెగానే గుర్తించవు. చెంచా పెట్టారనుకుని ఊరుకుంటాయి, అది మన క్షేమం కోసమే.

పాత గిన్నెలు వాడుకోవడానికి మధ్యలో పెట్టే ఇనప బిళ్ళలు అమ్ముతారు. నేనూ ఒకటి కొన్నాను. బిళ్ళ కాలుతుంది, బిళ్ళ మీద గిన్నె నెమ్మదిగా కాగుతుంది, ఈలోగా బిళ్ళ వేడికి గాజు సలసలమంటుంది, కింది సెన్సర్ బెదిరిపోయి పొయ్యిని ఆపేస్తుంది. ఇత్తడి గిన్నెలో ఎప్పుడైనా పాయసం వెచ్చబెట్టుకోవడానికైతే సరే. రోజువారీ వంటకి నా ఓటు దానికి లేదు.

తెర మీద అంకె చెప్పని మాట

గ్యాస్ మీద సిమ్, మీడియం, హై అని కళ్ళతో చూస్తాం. ఇక్కడ తెర మీద 300, 600, 1200 అని అంకెలుంటాయి. మొదట్లో నేను 300 అంటే సన్నమంట అనుకున్నాను. బెల్లం పాకం పెట్టాను. ఒక క్షణం బుసబుసా పొంగుతుంది, ఇంకో క్షణం చల్లారి మౌనం వహిస్తుంది, మళ్ళీ పొంగుతుంది. చూస్తుండగానే నడుమ వలయం నల్లబడింది.

తర్వాత అర్థమైంది. మనం సాధారణంగా కొనే ధరల్లో ఉన్న ఒంటి పొయ్యిల్లో చాలావాటికి సన్నగా మండడం చేతకాదు. ఇంచుమించు 800, 1000 వాట్ల కిందికి నిలకడగా దిగలేవు. 300 కావాలంటే ఏం చేస్తాయంటే, కొన్ని సెకన్లు 1000 దగ్గర మండి, ఆ తర్వాత పూర్తిగా ఆరిపోయి, మళ్ళీ మండుతాయి. సగటు తీస్తే 300. చెవి పెట్టి వినండి: జుమ్మని మోత, తర్వాత నిశ్శబ్దం, మళ్ళీ మోత. ఆ మోత వస్తున్నంతసేపూ అడుగున ఉన్నది పెద్దమంటే. ఖరీదైన రకాలు ఇంతకన్నా కిందికి నిలకడగా దిగుతాయి, కానీ మన ఇళ్ళలో ఎక్కువగా ఉన్నవి అవి కావు.

ఇది తెలిస్తే ఏ వంటకి చిన్న అంకె పనికొస్తుందో దేనికి రాదో తేలిపోతుంది. నీళ్ళు ఎక్కువగా ఉన్నవాటికి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, పులుసు, చారు, వీటిలో నీళ్ళే ఆ ఎత్తుపల్లాల్ని మింగేస్తాయి. గిన్నె అడుగు మందంగా ఉన్నా అంతే. పల్చటి అడుగు మీద చిక్కటి పదార్థం ఉంటేనే తంటా. పాకం, కోవా, చింతపండు పులిహోర గుజ్జు, సేమ్యా పాయసం చివర్లో, ఇవన్నీ అడుగంటేది ఆ మోత వచ్చే కొన్ని సెకన్లలోనే. వీటికి అంకె తగ్గించడం కన్నా అడుగు మార్చడం మందు. రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పెట్టి అతికిన మందపాటి అడుగు గిన్నెలుంటాయి. పుట్టిన వేడిని ఆ అల్యూమినియం అంతటికీ పంచుతుంది, మోత ఆగినప్పుడు దాచుకున్నది ఇస్తుంది. అయితే బయటి పొర అయస్కాంతానికి అంటుకునేదై ఉండాలి.

మీ గ్యాస్ మంటకీ ఈ అంకెలకీ పొత్తు కలుపుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. లీటరు నీళ్ళు, మూతపెట్టి, 1200 దగ్గర పెడితే తెర్లడానికి అయిదు నిమిషాలు పడుతుంది, అటూ ఇటూగా. అదే గిన్నెతో అన్ని నీళ్ళూ మీ గ్యాస్ మీద, మీరు రోజూ పెట్టే మంట మీద పెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలే పడితే మీ మంట 1200తో సమానం. ఎనిమిది పడితే 750 దగ్గర ఉందన్నమాట. ఇలా రెండు మూడు మంటలకి చూసుకుంటే, అమ్మ దగ్గర నేర్చుకున్న "సగం మంట మీద" అన్న మాటకి తెర మీద మీదైన అంకె దొరుకుతుంది. దోశ బొమ్మ, పాల బొమ్మ ఉన్న బటన్లని నేనిక నొక్కడం మానేశాను. మన పెనం మందం ఎంతో, గిన్నెలో పాలెన్నో వాటికేం తెలుసు? ఫలానా బొమ్మకి ఫలానా అంకె అని ఫ్యాక్టరీలో ఎవరో అనుకున్నది, అంతే. లీటరు నీళ్ళు కాగడానికి పదో వంతు యూనిట్ కరెంటు అవుతుందన్నది కూడా ఈ లెక్కలో తేలే విషయమే.

పప్పు: మూడు విజిల్స్ ఎందుకు చాలలేదు

టమాటా పప్పుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఇండక్షన్ మీద వంట నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి వంటకం నాకు తోచదు. దీనిలో పెద్దమంటా ఉంది, చిన్నమంటా ఉంది, పోపూ ఉంది.

మూడు లీటర్ల కుక్కర్, అడుగున స్టీలు బిళ్ళ అతికించిన అల్యూమినియంది. గ్లాసు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్ళు, మూడు టమాటాలు, పచ్చిమిర్చి, పసుపు. మూతపెట్టి 1200. ఆరేడు నిమిషాల్లో మొదటి విజిల్ వస్తుంది. ఇక్కడే నేను చాలారోజులు తప్పు చేశాను. గ్యాస్ మీద మూడు విజిల్స్ వచ్చాక కట్టేయడం అలవాటు. ఇక్కడా మూడు లెక్కపెట్టి ఆపేదాన్ని. మూత తీస్తే పప్పు పప్పుగానే ఉండేది, వేళ్ళతో నొక్కితే నడుమ పలుకు తగిలేది. ఎసరు మార్చాను, పప్పు కొట్టు మార్చాను. పప్పు పాతదని కొట్టాయనతో గొడవ కూడా పెట్టుకున్నాను, పాపం.

విజిల్ అంటే పప్పు ఉడికిందన్న కబురు కాదు. లోపల ఆవిరి వెయిట్‌ని ఎత్తేంత ఎక్కువైందన్న కబురు. వెయిట్ లేచిందంటే లోపల వేడి 120 డిగ్రీల దగ్గర ఉందన్నమాట. అది అంతకి మించి పెరగదు. మనం ఎంత మంట పెట్టినా అదనపు ఆవిరి బయటికే పోతుంది. పప్పు మెత్తబడేది ఆ 120 దగ్గర ఎన్ని నిమిషాలుందన్న దాన్నిబట్టి. గ్యాస్ మీద మంట తగ్గించి పెడతాం కాబట్టి ఒక్కో విజిల్‌కి రెండు మూడు నిమిషాలు పట్టేది. మూడు విజిల్స్ అంటే ఏడెనిమిది నిమిషాలు అని మనకి తెలియకుండానే లెక్క కుదిరిపోయింది. 1200 మీద అలా వదిలేస్తే నిమిషంన్నరలో మూడూ కూసేస్తాయి. కూతలు మూడే, ఉడికింది నిమిషంన్నర.

కాబట్టి మొదటి విజిల్ రాగానే 400కి తగ్గించి, అప్పటినుంచి ఏడెనిమిది నిమిషాలు గడియారం చూడాలి. పప్పు నానకపోతే పదీ పన్నెండు. ఇక్కడ చిన్న అంకె తెగి తెగి మండినా భయం లేదు, లోపల నీళ్ళున్నాయి, కుక్కర్ బరువుంది. సరిపడా వేడి ఉందో లేదో చెవే చెబుతుంది. వెయిట్ దగ్గర సన్నగా బుస్ అంటూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. పూర్తిగా సద్దుమణిగితే ప్రెషర్ పడిపోతున్నట్టు, 500 చేయండి. విజిల్ మీద విజిల్ వస్తే కరెంటుని ఆవిరిగా కిటికీలోంచి పంపిస్తున్నట్టు. పప్పు నీళ్ళు మూత మీద, గోడల మీద చిమ్మడం కూడా దీంతో తగ్గింది. ఆపాక ప్రెషర్ తనంతట తను దిగేదాకా వదిలేయాలి, ఆ పది నిమిషాల్లో కూడా పప్పు ఉడుకుతూనే ఉంటుంది.

ఇక పోపు. ఇళ్ళలో ఇండక్షన్ మీద అలకకి నూటికి తొంభై పాళ్ళు కారణం ఇదేనని నా అనుమానం. "దీని మీద పోపు మాడిపోతుందమ్మా" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మాడుతుంది, నిజమే. రెండు చెంచాల నూనె, పల్చటి గిన్నె, 1600. నూనె కాగడానికి అర నిమిషం కూడా పట్టదు. గ్యాస్ మీద నూనె పోసి, ఆవాల డబ్బా మూత తీసి, మినప్పప్పు వెతుక్కునేంత వ్యవధి ఉండేది. ఇక్కడ డబ్బా మూత తీసేలోపు నూనె పొగలు కక్కుతుంది. ఆవాలు వేస్తే చిటపటలాడకుండానే నల్లగా మారి చేదెక్కుతాయి. పైగా నూనె అంతా ఆ వలయం మీదికి చేరదు. అడుగు నడుమ కాస్త ఉబ్బి ఉంటే నూనె అంచులకి పారిపోతుంది, వేడి ఒకచోట, నూనె ఒకచోట.

నేను చేసేది ఇది. పోపుల పెట్టె తెరిచి పక్కనే పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించాలి. ఏడంగుళాల బల్లపరుపు అడుగు ఇనప మూకుడు, అందులో చెంచాన్నర నూనె, 600. పోపు చిన్నదైతే మూకుడుని కొంచెం వాల్చాలనిపిస్తుంది. వాల్చకండి, గాజుకి ఎడమైతే పొయ్యి ఆగిపోతుంది. నూనె చల్లగా ఉన్నప్పుడే నాలుగు ఆవాలు వేసి పెట్టుకుంటాను, అవే నా థర్మామీటరు. వాటిలో ఒకటి చిట్లగానే మిగతా ఆవాలు, మినప్పప్పు వేస్తాను. మినప్పప్పు ఎర్రబడడం మొదలుకాగానే పొయ్యి ఆపేస్తాను. పూర్తిగా ఆపేయడమే. ఇనప మూకుడులో మిగిలిన వేడి జీలకర్రకి, ఎండుమిర్చికి, వెల్లుల్లికి, ఇంగువకి, చివర్న కరివేపాకుకి సరిపోతుంది, ఏదీ మాడదు. పల్చటి గిన్నెలో ఈ ఉపాయం పారదు. ఆపిన పది సెకన్లలో చల్లారిపోయి వెల్లుల్లి పచ్చిగా మిగులుతుంది. అలాంటప్పుడు ఆపకుండా, గిన్నెని పక్కకి జరిపి మళ్ళీ పెడుతూ ఉండొచ్చు. గిన్నె తీయగానే వేడి ఆగుతుంది, పెట్టగానే మొదలవుతుంది. కాసేపు కీచుమంటుంది, అననివ్వండి.

ఉడికిన పప్పుని ఈ మూకుడులోకే వంచి, ఉప్పు వేసి, ఒక్క పొంగు రానిచ్చి దించేయడం. కుక్కర్ ఒకటి, మూకుడు ఒకటి, రెండే గిన్నెలు.

పాలు, గారెలు, మళ్ళీ దోశ

పాల దగ్గర మాత్రం ఇండక్షన్‌కి దణ్ణం పెట్టాలి. పొంగు అంచుదాకా వచ్చిన క్షణంలో బటన్ నొక్కితే అక్కడికక్కడే చతికిలబడుతుంది. గ్యాస్ మీదలా ఆపాక కూడా ఇంకాస్త ఎగరడం ఉండదు. అయితే పల్చటి గిన్నెలో 1200 పెడితే పొంగేలోపే అడుగున వలయంగా మాడువాసన పడుతుంది. గిన్నెని నీళ్ళతో తొలిచి, ఆ తడి ఉండగానే పాలు పోసి, 800 మీద పెడితే అరలీటరుకి నాలుగు నిమిషాలు. పొంగి పొయ్యి మీద పడితే మటుకు ఆ తాకుడు బటన్లు తడికి పనిచేయవు. తుడిచేదాకా ఆగడానికి వీలుండదు కాబట్టి నేరుగా గిన్నె ఎత్తేయడమే.

గారెలకి, పూరీలకి డిగ్రీల బటన్ ఉంటుంది, 180 అని పెట్టుకోవచ్చు. ఆ 180 నూనెది కాదన్నది గుర్తుంచుకోవాలి. సెన్సర్ గాజు కింద ఉంది. నూనె వేడి గిన్నె అడుగు దాటి, గాజు దాటి దాన్ని చేరాలి. మందపాటి మూకుడైతే తెర మీద 180 వచ్చినా నూనె ఇంకా వెనకబడి ఉంటుంది. అడుగు లోపలికి గుంటపడ్డ గిన్నె అయితే దీనికి పూర్తిగా తలకిందులు. మధ్యలో లోహం గాజుకి తగలదు, సెన్సర్‌కి వేడి తెలియదు, అది ఇంకా ఇంకా మండిస్తూనే ఉంటుంది, నూనె పొగ చిమ్ముతుంది. అందుకని చిటికెడు పిండి వేసి చూసే పాత పద్ధతే ఇక్కడా నమ్మాలి. అడుగుకి వెళ్ళి వెంటనే తేలితే సరిగ్గా ఉన్నట్టు. నూనె పెట్టి పక్క గదిలోకి వెళ్ళడం మాత్రం ఈ పొయ్యి మీద గ్యాస్ కన్నా ప్రమాదం, ఎందుకంటే మంట కనబడదు.

ఆ గుంటలు, ఉబ్బులు ఎక్కడివంటే, చాలావరకు మనం చేసినవే. పల్చటి ఖాళీ గిన్నెని 2000 మీద పెట్టి కూరగాయలు తరుగుతూ కూర్చుంటే నడుమ వలయం కాలి సాగుతుంది, అంచులు చల్లగా బిగుసుకుని ఉంటాయి, అడుగుకి ఎటో ఒకవైపు ఉబ్బక తప్పదు. కిందికి ఉబ్బిన గిన్నెని గాజు మీద పెట్టి వేలితో తోస్తే బొంగరంలా తిరుగుతుంది. అలా తిరిగే గిన్నెలు మా ఇంట్లో రెండున్నాయి, ఇప్పుడు బియ్యం కొలవడానికి వాడుతున్నాం. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద అంకె మీద పెట్టడం ఇంకా అన్యాయం. పూత పాడవడానికి రెండు మూడు నిమిషాలు చాలు.

ఇక దోశ. ఉంగరం పోవాలంటే కాయిల్ మీద పుట్టిన వేడికి పెనం అంచులదాకా నడిచి వెళ్ళే వ్యవధి ఇవ్వాలి. పోత ఇనుము నెమ్మదిగా నడుస్తుంది. అందుకని 600 మీద ఆరేడు నిమిషాలు ఊరికే ఉంచాలి. తొందరపడి 1600 పెడితే నడుమ పొగలు, అంచులు చల్లన. పోత ఇనుము అలాంటి తేడాకి ఒక్కోసారి పగులుతుంది కూడా. ఏడు నిమిషాలయ్యాక నడుమ ఒకచోట, అంచున ఒకచోట నాలుగేసి చుక్కలు నీళ్ళు చల్లి చూడండి. రెండు చోట్లా చుక్కలు ముత్యాల్లా దొర్లి ఆవిరైతే పిండి వేయొచ్చు. అంచున చుక్క అలాగే కూర్చుంటే ఇంకో రెండు నిమిషాలు. దోశ వేశాక 900, తీయగానే మళ్ళీ 600, ఉల్లిపాయతో ఒక్కసారి పెనం రుద్ది ఇంకోటి. అప్పటికీ పన్నెండంగుళాల పెనం మీద అంచుదాకా కరకరలాడే దోశ రాదు. రాదంతే, కాయిలే అంతలేదు. మేం దోశల సైజు తగ్గించాం. చేతి వెడల్పు దోశలు, ఊతప్పాలు, దిబ్బరొట్టె అయితే అద్భుతం. దిబ్బరొట్టెకి ఇనప మూకుడులో మూతపెట్టి 400 మీద పావుగంట వదిలేస్తే అడుగు బంగారం రంగులో పెచ్చుకడుతుంది.

కరెంటు సంగతి ఒక్కటి. 2000 వాట్లంటే ఇంచుమించు తొమ్మిది ఆంపియర్లు. ఫోను ఛార్జర్ పెట్టే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. ఫ్రిజ్‌కో గీజర్‌కో వాడే పెద్ద ప్లగ్గులోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెడితే ప్లగ్గు ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటే అది హెచ్చరిక. వంటయ్యాక వెంటనే ప్లగ్గు పీకకండి, లోపలి ఫ్యాను ఇంకా తిరుగుతూ కాయిల్‌ని చల్లబరుస్తూ ఉంటుంది.

మొన్న అత్తయ్య వంకాయ పచ్చడి చేద్దామన్నారు. గుత్తంత నల్లవంకాయ తెచ్చి, నూనె రాసి, గాటు పెట్టి, అలవాటుగా ఇండక్షన్ వైపు రెండడుగులు వేసి ఆగారు. మంట లేని పొయ్యి మీద వంకాయ కాలదు, అప్పడం కాలదు, పుల్కా నిప్పు మీద పొంగదు. పుల్కాని పెనం మీదే గుడ్డతో అదిమి పొంగించుకోవచ్చు. వంకాయకి అలాంటి దారేమీ లేదు. కొత్త సిలిండర్ వచ్చిందిగా, దాన్ని తీసుకెళ్ళి చిన్న బర్నర్ మీద పెట్టారు. తొక్క చిటచిటమంటూ పగిలి ఇల్లంతా ఆ వాసన. పక్కన ఇండక్షన్ మీద కుక్కర్ 400 దగ్గర సన్నగా బుసకొడుతోంది.